కొట్టివేసిన ధర, చూస్తున్నవారి సంఖ్య, టైమర్: ఒప్పించడం ఎక్కడ మభ్యపెట్టడంగా మారుతుంది?

ప్రశ్న: మేము ఆన్‌లైన్‌లో కుర్చీలు అమ్ముతాము. వస్తువు పేజీలో కొట్టివేసిన పాత ధర, "ఇప్పుడు ఇంతమంది చూస్తున్నారు" అనే వాక్యం, పదిహేను నిమిషాల టైమర్ పెట్టాలని మా మార్కెటింగ్ బృందం అంటోంది. అందరూ చేసేదే కదా అన్నది వారి వాదన. ఇవి నిజంగా ఎలా పనిచేస్తాయి? వీటిలో ఏది ఒప్పించడం, ఏది మభ్యపెట్టడం?

సమాధానం:

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఈ చర్చ తరచుగా తేలకుండా పోతుంది. చూస్తున్నవారి లేదా కొన్నవారి సంఖ్య, మిగిలిన సరుకు లేదా గడువు అనేవి కొనుగోలుదారు సాక్ష్యంగా తీసుకునే సమాచారం. ఆ సాక్ష్యం నిజమైతే అతనికి ఉపయోగపడుతుంది, కల్పితమైతే అది అబద్ధం, అక్కడ పెద్దగా వాదించవలసినదేమీ లేదు. కొట్టివేసిన ధర చేసే పని వేరు. మనసుపై ఒక అంకె చూపే ప్రభావాన్ని యాంకరింగ్ అంటారు. ఆ అంకెకు అర్థం లేదని తెలిసినా అది పనిచేస్తుంది. అందువల్ల "మేము అబద్ధం చెప్పడం లేదు" అనే సమర్థన మిగిలిన రెండింటి విషయంలో చాలా దూరం నిలబడుతుంది గాని, ధర విషయంలో అంత దూరం నిలబడదు. అక్కడినుంచే మొదలుపెడతాను.

మనస్తత్వవేత్తలు అమోస్ ట్వర్‌స్కీ, డానియల్ కానమన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగాన్ని వివరించారు. సున్నా నుంచి వంద వరకు అంకెలున్న చక్రాన్ని అభ్యర్థుల ఎదుట తిప్పేవారు. అది 10 దగ్గరగాని 65 దగ్గరగాని మాత్రమే ఆగేలా ముందే అమర్చి ఉంచారు. ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాల వాటా శాతం ఆ అంకెకన్నా ఎక్కువో తక్కువో మొదట అడిగి, తరువాత సరైన శాతాన్ని అంచనా వేయమన్నారు. 10 చూసినవారి మధ్యస్థ అంచనా 25, 65 చూసినవారిది 45. తిరిగే చక్రానికీ దేశాల సంఖ్యకూ ఏ సంబంధమూ లేదని ఆ గదిలో ఉన్న ఎవరికైనా తెలుస్తుంది. అయినా అంచనాలు ఆ అంకె వైపే ఒరిగాయి.

తెలియని విషయం కాబట్టి అలా జరిగిందని అనుకోవచ్చు. కాని 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇళ్ల అమ్మకాలే వృత్తిగా ఉన్న ఏజెంట్లను ఒక అసలైన ఇంటికి తీసుకువెళ్లి, దాని వివరాల పత్రాలు చేతికిచ్చి, విలువ కట్టమన్నారు. పత్రాలలో అమ్మకందారు అడుగుతున్న ధర ఒక్కటే ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంది. ఆ ధర ఎక్కువగా ఉన్నవారు ఇంటి విలువను ఎక్కువగానే కట్టారు. ఏయే అంశాలు చూసి లెక్క కట్టారని అడిగితే, అడిగిన ధర ప్రస్తావన తెచ్చినవారు కొద్దిమందే. అంటే నైపుణ్యం ఆ ప్రభావాన్ని పూర్తిగా ఆపలేదు, పైగా తమ మీద ప్రభావం పడిందన్న సంగతి కూడా చాలామంది గుర్తించలేదు. మన చర్చకు ఈ రెండవ విషయమే ముఖ్యం.

ఇలా ఎందుకు జరుగుతుందన్నదానికి రెండు వివరణలు ఉన్నాయి, రెండూ కొంత మేరకు నిజమే. మొదటిది, మనిషి ఎదుట ఉన్న అంకె నుంచి బయలుదేరి, సబబుగా తోచే హద్దు తగలగానే ఆగిపోతాడు, అసలు చేరవలసిన చోటు దాకా వెళ్లడు. రెండవది, "ఈ కుర్చీ 9,999 చేస్తుందా" అన్న ప్రశ్న మనసులో పడగానే, అంత ధరకు తగిన లక్షణాలే ముందుగా కంటికి ఆనుతాయి: అల్లిక గట్టిదనం, చక్రాల నునుపు, వీపు ఒంపు. తక్కువ ధరకు తగిన లక్షణాలు వెనకబడతాయి. ముందుగా హెచ్చరించినంత మాత్రాన ఈ ప్రభావం పోదని 1996లో విల్సన్ బృందం చేసిన ప్రయోగాలలో తేలింది. కొంత పనిచేసేది మరొకటి. 2000లో ముస్‌వైలర్, స్ట్రాక్, ఫైఫర్ కార్ల వ్యాపారంలో అనుభవమున్నవారితో చేసిన అధ్యయనంలో, చెప్పిన ధర ఎందుకు తప్పు కావచ్చో కారణాలు ఆలోచించమన్నప్పుడు దాని పట్టు సడలింది. అలా ఎదురు ఆలోచించడానికి వ్యవధి కావాలి. టైమర్ దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు మీ కుర్చీ సంగతి. అది ఆరు నెలలుగా 6,000కు అమ్ముడవుతోందని అనుకుందాం. ఒక వారంపాటు ధరను 9,999కి పెంచుతారు, ఆ వారంలో ఎవరూ కొనరు, ఎవరైనా కొనాలని మీరు అనుకోవడమూ లేదు. ఎనిమిదవ రోజున 9,999ని కొట్టివేసి, పక్కన 5,999 వేసి, "40 శాతం తగ్గింపు" అని రాస్తారు. ఇందులో ఏ అక్షరమూ అబద్ధం కాదు, ఆ ధర నిన్నటి వరకు నిజంగానే పేజీలో ఉంది. కాని ఆ వారం అంతా జరిగింది అమ్మకం కాదు, రేపు కొట్టివేయడానికి ఒక అంకెను తయారుచేసుకోవడం. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి అమలులో ఉన్న నియమం సరిగ్గా ఈ పన్నాగాన్నే లక్ష్యం చేసుకుంది: తగ్గింపు ప్రకటించినప్పుడు చూపే పాత ధర, సాధారణంగా, అంతకుముందు కనీసం ముప్పై రోజులలో ఉన్న ధరలలో అతి తక్కువది కావాలి. మన లెక్కను ఆ నియమంతో చూస్తే పాత ధర 6,000, తగ్గింపు ఒకే ఒక్క రూపాయి. ఆ నియమంలో నాకు నచ్చినది దాని కొలబద్ద. వాక్యం నిజమా కాదా అని అది అడగదు, మనుషులు నిన్నటి దాకా ఎంతకు కొనగలిగేవారని అడుగుతుంది. యాంకరింగ్‌కు సరిపోయే ప్రశ్న అదే, ఎందుకంటే అంకె ఎలా పుట్టిందో చెప్పి కూడా మనసుపై దాని ముద్రను చెరపలేము. మొదటే తప్పుడు అంకెను కంటబడనివ్వకపోవడం ఒక్కటే మార్గం.

ఆ నియమానికీ సందులు ఉన్నాయి. పాత ధరకు బదులు "తయారీదారు సూచించిన ధర" అని రాస్తే పోలిక మరొక దారి పడుతుంది, ఆ సూచించిన ధరకు ఏ అంగడిలోనూ ఎవరూ అమ్మకపోయినా సరే. కాబట్టి చట్టం ఏది అనుమతిస్తుందన్నదానితో ఆగకండి. గత కొన్ని నెలలలో చెప్పుకోదగిన సంఖ్యలో మనుషులు ఆ ధర చెల్లించిన దాఖలా మీ అమ్మకాల పట్టికలో లేకపోతే, ఆ అంకెను పేజీలో పెట్టకండి.

ఇక సోషల్ ప్రూఫ్, అంటే ఇతరులు చేసినది చూసి అదే సరైనదని అనుకోవడం. తెలియని విషయంలో పదిమంది చేసినది చేయడం బుద్ధిహీనత కాదు. వస్తువును తాకి చూడలేని చోట ఇతరుల అనుభవమే ఉన్నంతలో మంచి సాక్ష్యం. చిక్కు ఎక్కడంటే, ఆ పదిమందీ ఎవరికి వారు నిర్ణయించుకున్నప్పుడే వారి సంఖ్యకు సాక్ష్యంగా విలువ ఉంటుంది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 2006లో ప్రచురించిన ప్రయోగం దీనిని స్పష్టంగా చూపింది. పద్నాలుగు వేలకు పైగా మనుషులకు ఎవరికీ పరిచయం లేని 48 పాటలు ఇచ్చి, నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. కొందరికి ఇతరుల డౌన్‌లోడ్ల లెక్క కనిపించలేదు. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు సమూహాలుగా విడదీసి, ఎవరి సమూహం లెక్క వారికే చూపించారు. లెక్క కనిపించిన చోట పెద్ద విజయాలు మరింత పెద్దవయ్యాయి, కాని ఏ పాట గెలుస్తుందన్నది సమూహానికొక విధంగా మారిపోయింది. మరీ మంచివి అడుగుకు పడలేదు, మరీ నాసిరకం పైకి రాలేదు. మధ్యలో ఉన్నవాటి తలరాత మాత్రం మొదట వచ్చిన కొద్దిమంది అభిరుచి మీద ఆధారపడింది. సాల్గానిక్, వాట్స్ 2008లో మరొక అడుగు వేసి లెక్కలను తలక్రిందులు చేసి చూపించారు. చాలా పాటల విషయంలో ఆ అబద్ధం కొంతకాలానికి దానంతటదే నిజమై కూర్చుంది. ఉత్తమమైన కొన్ని పాటలు మెల్లగా పుంజుకున్నాయి. అయితే తప్పుడు లెక్క చూసినవారు మొత్తం మీద తక్కువ పాటలే తీసుకున్నారు. మీ మార్కెటింగ్ బృందానికి ఈ చివరి ఫలితం చూపించండి.

దీని అర్థం, "అందరూ ఎక్కువగా కొన్నది" అన్న నిజమైన మాట కూడా కనిపించినంత బరువైన సాక్ష్యం కాదు. అది మోసం కాదు, బలహీనమైన సమాచారం మాత్రమే. "1,240 మంది కొన్నారు" అన్నదానికన్నా "గత పన్నెండు నెలలలో 1,240 మంది కొన్నారు, 96 మంది వెనక్కి పంపారు" అన్నది కొనేవారికి ఎంతో ఎక్కువ చెబుతుంది. చాలా సంస్థలు రెండవ అంకెను దాచుకుంటాయి, ఆ దాపరికమే మొదటి అంకెకు అర్హతకు మించిన బరువు ఇస్తుంది. సంతృప్తి చెందినవారిని ముందే గుర్తించి వారినే సమీక్ష రాయమని కోరడం, అసంతృప్తి ఉన్నవారిని ఫిర్యాదుల విభాగానికి మళ్లించడం కూడా ఇదే జాతికి చెందిన పని. ప్రతి సమీక్షా నిజమైనదే అయినా సమీక్షల మొత్తం అబద్ధం చెబుతుంది.

"ఇప్పుడు ఇంతమంది చూస్తున్నారు" అన్న వాక్యం వేరు. అది నిజంగా లెక్కించి వేసే చోట్లు ఉన్నాయి, కాని అనేక పేజీలలో దాని వెనుక ఉండేది ఇంతే:

```
let viewers = Math.floor(Math.random() * 16) + 12;
```

అంటే 12 నుంచి 27 వరకు ఏదో ఒక అంకె. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముందుండి 2019లో దాదాపు 11,000 షాపింగ్ సైట్లను ప్రోగ్రాంల సహాయంతో పరిశీలించినప్పుడు ఇటువంటి ఒత్తిడి, దాపరికం పద్ధతులకు 1,818 ఉదాహరణలు దొరికాయి. 183 సైట్లలో నేరుగా మోసపూరితమైన సందేశాలు ఉన్నాయి. యాదృచ్ఛిక అంకెలతో పుట్టించిన "ఇప్పుడే ఒకరు కొన్నారు" వంటి వాక్యాలూ వాటిలో ఉన్నాయి. వీటిని రెడీమేడ్‌గా అమ్మే బయటి సంస్థలు ఉన్నాయని కూడా వారు గుర్తించారు. కాబట్టి మీ బృందం ఒక ప్లగిన్ తెచ్చి పెట్టినప్పుడు, అది చూపే అంకె మీ సర్వర్ లెక్కల నుంచి వస్తోందా, దానంతటదే పుట్టుకొస్తోందా అన్నది మీకే తెలియకపోవచ్చు. ఒకే సమయంలో రెండు ఫోన్లలో పేజీ తెరిచి పోల్చండి, తరువాత మీరు తప్ప ఎవరూ చూడని పరీక్షా పేజీలో తెరవండి. అక్కడ కూడా పద్దెనిమిది మంది చూస్తున్నారంటే ఇక అడగవలసిందేమీ లేదు.

కొరత విషయంలో అందరూ చెప్పే ప్రయోగం 1975లో వర్చెల్, లీ, అడెవోలె చేసినది. జాడీలో పది బిస్కెట్లు ఉన్నప్పటికన్నా రెండే ఉన్నప్పుడు వాటిని మనుషులు ఎక్కువ విలువైనవిగా అంచనా వేశారు. మొదట పది ఉండి తరువాత రెండుకు తగ్గితే ఆ విలువ ఇంకా పెరిగింది, తగ్గడానికి కారణం ఇతరులు తీసుకోవడమేనని చెప్పినప్పుడు మరీ పెరిగింది. చివరి మెట్టులో కొరత, సోషల్ ప్రూఫ్ కలిసిపోయాయని గమనించండి. అయితే ఆ బిస్కెట్లు మరింత రుచిగా ఉన్నాయని మాత్రం వారు అనలేదు. కొరత కోరికను పెంచుతుంది, వస్తువు ఇచ్చే తృప్తిని పెంచదు. రెండింటి మధ్య ఉన్న ఈ ఎడమే తరువాత వస్తువును వెనక్కి పంపించే చోటు.

కొరతలోనూ రెండు రకాలు ఉన్నాయి. గిడ్డంగిలో నిజంగా మూడే కుర్చీలు మిగిలి, మరో నెల దాకా సరుకు రాదంటే, అది చెప్పకపోవడమే కొనేవారికి నష్టం. టైమర్ అటువంటిది కాదు. పదిహేను నిమిషాల తరువాత ధర పెరగడానికి మీ నిర్ణయం తప్ప ప్రపంచంలో మరే కారణమూ లేదు. సాధారణంగా అది పెరగదు కూడా. పేజీని ప్రైవేట్ విండోలో మళ్లీ తెరిస్తే గడియారం పదిహేను నుంచే మొదలవుతుంది, ఎందుకంటే గడువు అంగడిలో లేదు, చూసేవారి బ్రౌజర్‌లో ఉంది. ఇది పచ్చి అబద్ధం. యూరప్ చట్టం 2005 నుంచే దీనిని నిషేధిత పద్ధతుల జాబితాలో పెట్టింది. భారతదేశం 2023 నవంబరులో కొనేవారిని తప్పుదారి పట్టించే డార్క్ ప్యాటర్న్‌లపై ప్రకటించిన మార్గదర్శకాలలోని పదమూడు పద్ధతులలో తప్పుడు తొందర పుట్టించడం ఒకటి.

కష్టమైన ప్రశ్న దాని తరువాత వస్తుంది. గడియారం సున్నాకు రాగానే మీరు నిజంగానే ధర పెంచితే? అప్పుడు వాక్యం నిజమే అవుతుంది. నా అభిప్రాయంలో అది అప్పటికీ మభ్యపెట్టడమే. ఎందుకంటే ఆ పదిహేను నిమిషాల పని సమాచారం ఇవ్వడం కాదు, ఇతర చోట్ల ధర చూసే వ్యవధిని, గదిలో కొలత తీసుకునే వ్యవధిని, ఇంట్లో మరొకరిని అడిగే వ్యవధిని తీసివేయడం. పైన చెప్పిన కొట్టివేసిన ధర ముద్రను కొంతైనా సడలించేది ఎదురు ఆలోచన ఒక్కటే, దానికి కావలసిన సమయాన్నే టైమర్ లాగేసుకుంటుంది. ఈ పద్ధతులను ఒక్కొక్కటిగా తూచి "ఇది చిన్నదే కదా" అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇదే. ధర కొక్కెమైతే, టైమర్ దాని ముల్లు.

మభ్యపెట్టడానికి ఉన్న నిర్వచనాలలో రెండు ఇక్కడ పనికివస్తాయి. న్యాయ పండితుడు కాస్ సన్‌స్టీన్ లెక్కలో, మనిషి ఆలోచించి నిర్ణయించే శక్తికి తగినంత చోటు ఇవ్వని ప్రభావం మభ్యపెట్టడం. సస్సర్, రోస్లర్, నిస్సెన్‌బామ్ 2019లో రాసిన దాని ప్రకారం, ఎదుటివారి బలహీనతను వారికి తెలియకుండా వాడుకునే దాగిన ప్రభావం అది. మొదటి నిర్వచనం టైమర్‌ను పట్టుకుంటుంది, రెండవది యాదృచ్ఛిక అంకెను, ఉత్తిత్తి పాత ధరను పట్టుకుంటుంది. రెండవ నిర్వచనం మరొకదానిని కూడా పట్టుకుంటుంది. మూడే కుర్చీలు మిగిలాయన్న నిజాన్ని అందరికీ కాక, పేజీకి నాలుగుసార్లు వచ్చి వెనుకాడుతున్నవారికి మాత్రమే, అదీ వారు బయటకు వెళ్లబోయే క్షణంలో మాత్రమే చూపిస్తే, వాక్యం నిజమైనా దాని ఎంపిక దాగి ఉంది. నిజం చెప్పడానికి మీరు ఎవరిని, ఏ క్షణాన్ని ఎంచుకున్నారో వారికి చెప్పుకోగలరా అన్నది అక్కడి పరీక్ష.

మీ బృందం ఇవేవీ ఒప్పుకోకుండా "అమ్మకాలు పెరిగాయి" అని లెక్క చూపిస్తుంది. ఆ లెక్కను చివరిదాకా వేయించండి. ఒక ఊహా ఉదాహరణ: పదివేల మందికి టైమర్ లేని పేజీ చూపిస్తే 300 మంది కొన్నారు, వారిలో 24 మంది వెనక్కి పంపారు, మిగిలినవి 276. మరో పదివేల మందికి టైమర్ ఉన్న పేజీ చూపిస్తే 360 మంది కొన్నారు, 79 మంది వెనక్కి పంపారు, మిగిలినవి 281. మొదటి రోజు నివేదికలో ఇది ఇరవై శాతం విజయం. వెనక్కి పంపే గడువు ముగిశాక చూస్తే, అదనంగా వచ్చిన అరవై కొనుగోళ్లలో నిలిచినవి అయిదు. అంత చిన్న తేడా కేవలం యాదృచ్ఛికంగా కూడా రావచ్చు, రెండుసార్ల రవాణా ఖర్చు మాత్రం మీదే. ఈ లెక్కకు ఒక హద్దు ఉంది: కుర్చీని మళ్లీ పెట్టెలో కట్టి పంపడం శ్రమ కాబట్టి, చింతిస్తూనే ఉంచుకునేవారు ఇందులో కనిపించరు. వారిని చూడాలంటే ఏడాదిలో మళ్లీ మీ దగ్గర కొన్నవారి నిష్పత్తిని రెండు గుంపులలోనూ పోల్చాలి. ఇటువంటి పరీక్షను వారంలో ముగించేవారికి ఈ రెండూ కనిపించవు, అందుకే టైమర్ అంత బాగా పనిచేస్తున్నట్టు తోస్తుంది.

మీ పేజీ వరకు నేను చేయమనేది ఇది. పాత ధర ఉంచదలిస్తే, కుర్చీ గత ముప్పై రోజులలో అమ్ముడైన కనిష్ఠ ధరనే వేయండి, ఆ మాటను పక్కన రాయండి. చూస్తున్నవారి సంఖ్యను పూర్తిగా తీసివేయండి: నిజమైన అంకె అయినా అది కుర్చీ గురించి ఏమీ చెప్పదు. దాని స్థానంలో కాలవ్యవధితో కూడిన అమ్మకాల సంఖ్య, వెనక్కి వచ్చినవాటి సంఖ్య పెట్టండి. మిగిలిన సరుకును గిడ్డంగి లెక్క నుంచి నేరుగా చూపించి, తిరిగి ఎప్పుడు వస్తుందో కూడా చెప్పండి. "మూడు ఉన్నాయి, తరువాతి సరుకు మరో నాలుగు వారాలకు" అన్నప్పుడు ఆగదలచినవారు ఆగగలరు. టైమర్ పెట్టకండి. పండుగ అమ్మకం వంటిదానికి నిజమైన ముగింపు తేదీ ఉంటే, ఆ తేదీని మొదటి రోజు నుంచే అందరికీ ఒకేలా, కదలని అక్షరాలలో రాసి, ఆ తేదీ దాటాక దానిని పొడిగించకండి.

బృందం ఇంకా పట్టుబడితే, టైమర్ పక్కనే "ఈ గడువు మేము పెట్టినది, పేజీని మళ్లీ తెరిస్తే మళ్లీ మొదలవుతుంది" అని రాయడానికి వారు సిద్ధమేనా అని అడిగి చూడండి.